కల్వంలో వేయకూడని మాత్రలు

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నారు గానీ మాత్రలు గొంతులో ఆగిపోతున్నాయంటున్నారు, నీళ్లు తాగినా ఒక్కోసారి దగ్గొస్తోంది. అమ్మ పొద్దుటి మాత్రలన్నీ ఒకేసారి కల్వంలో నూరి పెరుగన్నంలో కలిపి పెడుతోంది. వాడేవి: పాంటోప్రజోల్ 40, షుగరుకి గ్లిమెపిరైడ్ 1 – మెట్‌ఫార్మిన్ 500 (రెండు పూటలా), మెటోప్రొలాల్ ఎక్స్‌ఎల్ 50, ఆమ్లోడిపిన్ 5, ఆస్పిరిన్ – అటార్వాస్టాటిన్ క్యాప్సూల్, ప్రోస్టేటుకి టామ్సులోసిన్ – డ్యుటాస్టెరైడ్. ఇలా నూరి ఇవ్వొచ్చా? ఏవి నూరకూడదు?

జవాబు:

వద్దండి, ఇవాళ్టి నుంచే ఆపించండి. మీరు రాసిన ఆరింటిలో కల్వంలో వేయదగ్గది ఆమ్లోడిపిన్ ఒక్కటే. మిగతా ఐదూ ఏదో ఒక కారణంతో నూరకూడనివే. అలాగని భయపడి మందులు మానేయకండి, ముఖ్యంగా మెటోప్రొలాల్. దాన్ని ఉన్నట్టుండి ఆపితే గుండె దడ, ఛాతీ నొప్పి, బీపీ పెరగడం లాంటివి వస్తాయి. ఈ ఐదింటిలో దాదాపు అన్నిటికీ మింగలేని వాళ్లకు పనికొచ్చే మరో రూపమో, బదులు మందో ఉంది. మార్చాల్సింది డాక్టరుగారు. ఏం అడగాలో కింద రాస్తున్నాను.

నేను ఆసుపత్రి ఫార్మసీలో పదహారేళ్లు చేశాను, ఇప్పుడు సొంత మెడికల్ షాపు. మీ అమ్మగారు చేస్తున్న పని వారానికి ఒకరిద్దరైనా నాకు చెబుతుంటారు. తప్పు వాళ్లది కాదు. చీటీ రాసేటప్పుడు "ఈయన మింగగలరా?" అని ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

ముందు అసలు సంగతి: నీళ్లకి దగ్గు

మాత్రల కన్నా ముందు చూడాల్సింది ఇది. పక్షవాతం తర్వాత నీళ్లు తాగితే దగ్గు రావడం, తాగాక గొంతు తడిగా గరగరమనడం, అప్పుడప్పుడూ జ్వరం, కఫం రావడం, ఇవన్నీ నీళ్లో తిండో ఊపిరితిత్తుల వైపు జారుతున్నాయనడానికి గుర్తులు. మింగే తీరును స్పీచ్ థెరపిస్టు పరీక్షిస్తారు. పేరు చూసి మాటలు నేర్పేవాళ్లే అనుకుంటారు గానీ, పక్షవాతం వచ్చిన వాళ్లకు మింగడం చూసి, నీళ్లు ఎంత పలచగా ఇవ్వొచ్చో, తల ఎలా పెట్టాలో చెప్పేది కూడా వాళ్లే. న్యూరాలజీ డాక్టరుగారిని అడిగితే పంపిస్తారు. అప్పటిదాకా నాన్నగారిని నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న స్పూన్లతోనే ఇవ్వండి. పడుకోబెట్టి అసలు ఇవ్వొద్దు, తాగాక అరగంట పడుకోనివ్వొద్దు.

నూరితే ఏమవుతుంది

ఒక ఉదాహరణ చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక పెద్దావిడను తీసుకొచ్చారు, బాత్రూములో పడిపోయారు. బీపీ 84/50. ముందురోజు వరకూ బాగానే ఉన్నారట. అడిగితే తేలింది: పళ్లు తీయించుకోవడంతో మాత్ర మింగలేక, కోడలు బీపీకి వాడే నిఫెడిపిన్ రిటార్డ్ 20 మాత్రను నూరి రాగిజావలో కలిపి ఇచ్చింది. ఇచ్చిన కాసేపటికి ముఖం ఎర్రబడి, తల తిరిగి పడిపోయారు. ఆ మాత్ర గంటల తరబడి కొద్దికొద్దిగా మందు వదలడానికి తయారుచేసింది. పొడి చేయగానే ఆ గంటల మందంతా ఒక్కసారిగా రక్తంలోకి వెళ్లింది. పైగా సాయంత్రానికి మందు లేక బీపీ మళ్లీ పెరుగుతుంది. చూసేవాళ్లకు "మందు పని చేయట్లేదు" అనిపిస్తుంది, డోసు పెంచమంటారు.

ఆవిడకు డాక్టరుగారు ఆమ్లోడిపిన్‌కి మార్చారు. అది కూడా అదే జాతి మందు. కానీ దానికి ప్రత్యేకమైన తయారీ ఏమీ లేదు, మందే నిదానంగా ఖాళీ అవుతుంది. రక్తంలో సగానికి రావడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. నూరినా, మింగినా ఒకటే. మీ నాన్నగారి మాత్రల్లో దాన్ని నూరొచ్చు అనడానికి కారణం ఇదే. అంటే చూడాల్సింది మందు పేరు కాదు, ఆ మాత్రను ఎలా తయారు చేశారు అన్నది.

నూరకూడనివి మూడు రకాలు. నిదానంగా మందు వదిలేవి ఒకటి. పొట్టలో కరగకుండా పేగులో కరిగేలా పూత వేసినవి రెండోవి. తాకినా, పొడి పీల్చినా నూరేవాళ్లకే హాని చేసేవి మూడోవి. ఇవి కాక, బోలు ఎముకలకు ఇచ్చే అలెండ్రోనేట్ లాంటివి కొన్ని ఉన్నాయి. గొంతు, అన్నవాహిక గోడను పుండు చేస్తాయి కాబట్టి వాటిని నమలడం, నూరడం కుదరదు. ఒక గ్లాసు నీళ్లతో మింగి కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. సరిగ్గా మింగలేని వాళ్లకు అలాంటి మందు ఇవ్వకపోవడమే మేలు. క్యాప్సూల్ డొల్ల కూడా కొన్నిసార్లు మందులో భాగమే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డాబిగాట్రాన్ క్యాప్సూల్‌ను విప్పి లోపలి గుళికలు మాత్రమే ఇస్తే ఒంటికి పట్టే మందు 75 శాతం దాకా పెరుగుతుందని కంపెనీ వాళ్ల వివరాల్లోనే ఉంది. అంటే రక్తస్రావం ప్రమాదం. అందుకే "క్యాప్సూలేగా, విప్పితే పోయె" అనుకోకండి.

స్ట్రిప్ మీద ఎక్కడ చూడాలి

ముందు వైపున పెద్ద అక్షరాల్లో పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఎల్, సీఆర్, ఎంఆర్, పీఆర్, ఎల్‌ఏ, రిటార్డ్, క్రోనో అని ఉంటే నిదానంగా వదిలేవి. ఈసీ, డీఆర్ అని ఉంటే పేగులో కరిగేవి. డీటీ, ఎండీ అంటే నీళ్లలోనో నోట్లోనో కరిగేవి, మనకు కావాల్సినవి ఇవే.

చాలామంది పొరబడేది ఈ అక్షరాలు లేని స్ట్రిప్పులతోనే. మీ షుగరు మాత్రే చూడండి. మీరు "మెట్‌ఫార్మిన్ 500" అని మాత్రమే రాశారు. మన దగ్గర అమ్మే గ్లిమెపిరైడ్–మెట్‌ఫార్మిన్ జంట మాత్రల్లో చాలావాటి పేరు పక్కన ఎం1, ఎం2 లాంటివి ఉంటాయి తప్ప ఎస్‌ఆర్ అని ఉండదు. స్ట్రిప్ తిప్పి వెనక సన్నక్షరాల్లో చదివితే, మెట్‌ఫార్మిన్ పక్కన ప్రొలాంగ్డ్ రిలీజ్ లేదా సస్టెయిన్డ్ రిలీజ్ అని ఉంటుంది. మీదీ అలాంటిదే అయ్యుంటుందని నా అంచనా, చూసి చెప్పండి. పాంటోప్రజోల్ కూడా అంతే. పేరులో ఏమీ ఉండదు, వెనక గ్యాస్ట్రో రెసిస్టెంట్ టాబ్లెట్స్ అని ఉంటుంది. కంటికి ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. మా షాపులో నేనూ అదే చేస్తాను.

మాత్ర నున్నగా, రంగుగా మెరుస్తోంది కాబట్టి నూరకూడదు అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ మెరుపు చాలాసార్లు చేదు తెలియకుండా వేసిన మామూలు పూతే. మధ్యలో గీత ఉంటే నూరొచ్చనుకోవడమూ తప్పే. గీత ఉంటే విరవడానికి ఒప్పుకున్నారని మాత్రమే అర్థం, అదీ అన్ని మాత్రలకీ కాదు.

మీ నాన్నగారి మాత్రలు ఒక్కొక్కటిగా

*పాంటోప్రజోల్.* దీన్ని నూరితే ప్రమాదం కన్నా వృథా ఎక్కువ. ఈ మందుకి యాసిడ్ అంటే పడదు. పూత ఉన్నందువల్ల పొట్ట దాటి పేగులోకి క్షేమంగా వెళుతుంది. పొడి చేసి పెరుగన్నంలో పెడితే పొట్టలోనే చాలావరకు పాడైపోతుంది. ఇన్నాళ్లూ ఆస్పిరిన్ వేసుకుంటూ పొట్టకు సరైన రక్షణ లేకుండా ఉన్నారన్నమాట. నల్లటి విరేచనం, పొట్టలో మంట ఏమైనా ఉన్నాయేమో అడగండి, ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. బదులుగా నోట్లో కరిగే లాన్సోప్రజోల్ మాత్రలు దొరుకుతాయి. లేదా గుళికలుండే ఒమెప్రజోల్ క్యాప్సూల్ విప్పి, గుళికలను ఒక స్పూను పెరుగు మీద చల్లి, నమలకుండా మింగించొచ్చు. పెరుగు పులుపు కాబట్టి గుళికల పూత కరగదు, పాలల్లో వేస్తే అక్కడే కరగడం మొదలవుతుంది. గుళికల్ని నూరితే మళ్లీ మొదటికే వస్తుంది.

*షుగరు మాత్ర.* ఇది రెండు మందుల జంట. గ్లిమెపిరైడ్ మామూలుదే, విడిగా 1 ఎంజీ మాత్ర తీసుకుంటే నూరొచ్చు. మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ నూరితే షుగరు ఒక్కసారిగా పడిపోదు గానీ, పొట్ట ఉబ్బరం, విరేచనాలు వస్తాయి, మందు త్వరగా అయిపోతుంది. అయితే మీ నాన్నగారిది రోజుకు రెండు పూటల 500 కాబట్టి ఇక్కడ పని సులువు. డాక్టరుగారు ఒప్పుకుంటే మామూలు మెట్‌ఫార్మిన్ 500 అదే రెండు పూటలా తిండితో ఇవ్వొచ్చు. చేదు మాత్రం భరించాలి.

ఒక జాగ్రత్త. గ్లిమెపిరైడ్ వేసి తినకపోతే షుగరు పడిపోతుంది. మింగలేని మనిషి సగం కంచం వదిలేయడం మామూలే. అందుకే మందు గొంతు దిగిన వెంటనే భోజనం మొదలుపెట్టించండి. ఆ పూట తినే ఓపిక లేదంటే మందు వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

*మెటోప్రొలాల్ ఎక్స్‌ఎల్ 50.* నూరితే రోజంతటి మందు ఒక్కసారి దిగుతుంది. పొద్దున నాడి, బీపీ బాగా పడిపోవడం, రాత్రికి మందు లేకపోవడం జరుగుతాయి. నాన్నగారికి మందు వేసుకున్న గంట రెండు గంటల్లో నీరసం, లేచి నిలబడితే తల తిరగడం ఉందా? ఇంట్లో మిషను ఉంటే ఆ సమయంలో ఒకసారి, రాత్రి ఒకసారి చూసి రాసి పెట్టండి, డాక్టరుకు బాగా ఉపయోగపడుతుంది. మామూలు మెటోప్రొలాల్ టార్ట్రేట్ 25 చొప్పున రెండు పూటలా మార్చొచ్చేమో అడగండి, దాన్ని నూరొచ్చు. ఈలోగా మాత్ర మీద గీత ఉండి, లోపలి కాగితంలో విరవొచ్చని ఉంటే, రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను చిక్కటి పెరుగు స్పూనులో పెట్టి నమలకుండా మింగించండి.

*ఆస్పిరిన్ – అటార్వాస్టాటిన్.* ఈ క్యాప్సూల్‌లోని ఆస్పిరిన్‌కి సాధారణంగా పేగులో కరిగే పూత ఉంటుంది. నూరితే ఆస్పిరిన్ పని చేస్తుంది, పోయేది పొట్టకున్న అడ్డు. గుండెపోటు వచ్చిందనుకున్నప్పుడు ఆస్పిరిన్‌ని నమలమనేది త్వరగా ఎక్కాలనే. రోజూ వేసుకునేటప్పుడు అంత తొందర అక్కర్లేదు. విడదీయమని అడగండి: నీళ్లలో కరిగే ఆస్పిరిన్ 75 భోజనం తర్వాత, అటార్వాస్టాటిన్ మాత్ర విడిగా. మామూలు అటార్వాస్టాటిన్ నూరొచ్చు.

*టామ్సులోసిన్ – డ్యుటాస్టెరైడ్.* దీన్ని విప్పడం, నూరడం పూర్తిగా మానేయండి, రెండు కారణాలున్నాయి. టామ్సులోసిన్ నిదానంగా వదిలే రకం. నూరితే నిలబడగానే బీపీ పడి కింద పడొచ్చు, పక్షవాతం వచ్చిన మనిషికి ఆ పడటం మరీ ప్రమాదం. డ్యుటాస్టెరైడ్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. కడుపుతో ఉన్నవాళ్లు దాన్ని తాకకూడదు, గర్భంలో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినొచ్చు. మీ ఇంట్లో అలాంటి ఆడపిల్ల ఎవరైనా ఉంటే ఆ కల్వాన్ని ఆమె కడగకుండా చూడండి. ఒకవేళ క్యాప్సూల్ పగిలి చేతికి అంటితే వెంటనే సబ్బు, నీళ్లతో కడుక్కోవాలి. మెథోట్రెక్సేట్, క్యాన్సర్ మాత్రలు, మైకోఫినోలేట్ కూడా ఈ మూడో రకమే. ఇంట్లో ఎవరూ నూరకూడదు. ఈ ప్రోస్టేటు క్యాప్సూల్‌కి తేలికైన బదులు నా దగ్గర లేదు. యూరాలజీ డాక్టరుగారు నిర్ణయించాలి.

మింగించే పద్ధతి

మిగిలింది ఆ ఒక్క క్యాప్సూలే అయితే, మింగే పరీక్ష చేసినవాళ్లు సరే అంటే, ఇలా చూడండి. నిటారుగా కూర్చుని, క్యాప్సూల్ నాలుక మీద పెట్టి, గుక్కెడు నీళ్లు నోట్లో తీసుకుని, గడ్డం ఛాతీ వైపు వంచి మింగాలి. మనం మామూలుగా తల వెనక్కి వాలుస్తాం. క్యాప్సూల్ తేలిక కదా, నీళ్లలో తేలుతుంది, తల ముందుకు వంచితే అది గొంతు వైపు వస్తుంది. 2014లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పద్ధతిని మనుషుల మీద పరీక్షించినప్పుడు పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి క్యాప్సూల్ మింగడం తేలికైంది. బరువుండే మాత్రలకు మెత్తటి ప్లాస్టిక్ సీసా నోటికి బిగించి నీళ్లు పీల్చే పద్ధతి కూడా వాళ్లు చూపించారు గానీ, నీళ్లకే దగ్గొచ్చే మీ నాన్నగారికి అది వద్దు. ఆయనకు చిక్కటి పెరుగో, మెత్తగా చిదిమిన అరటిపండో మేలు, అదీ థెరపిస్టు చెప్పిన చిక్కదనంతో.

నూరాల్సి వస్తే

ఆమ్లోడిపిన్‌కీ, మార్చాక వచ్చే మామూలు మాత్రలకీ పద్ధతి ఇది. ఒక్కో మందు విడిగా నూరాలి. ఒకేసారి వేస్తే ఎంత పోయిందో, ఏది ఎంత దిగిందో తెలియదు. కల్వం పూర్తిగా పొడిగా ఉండాలి, తడికి పొడి అంటుకుపోతుంది. వంటకు వాడే రోలు వద్దు. కల్వం లేకపోతే రెండు స్టీలు స్పూన్ల మధ్య మాత్రను పెట్టి నొక్కితే చాలు.

పొడిని ఒక్క స్పూను పెరుగులోనో అరటిపండు గుజ్జులోనో కలిపి అప్పటికప్పుడు ఇవ్వండి. కంచంలోని అన్నమంతటిలో కలపొద్దు. సగం వదిలేస్తే సగం మందు పోయినట్టే, పైగా చేదు వల్ల పెరుగన్నం మీదే విరక్తి పుడుతుంది. ఇంకో స్పూను ఉత్త పెరుగుతో స్పూనును, నోటిని శుభ్రం చేయండి. రాత్రే నూరి పొద్దుటికి పెట్టుకోవడం చేయకండి. ఇప్పుడు లేకపోయినా, థైరాయిడ్ మాత్ర వచ్చినప్పుడు దాన్ని నీళ్లలో కరిగించి పరగడుపున ఇవ్వాలి, పాలూ పెరుగూ దానికి పనికిరావు.

రేపు ఎప్పుడైనా ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబు పెట్టాల్సి వస్తే ఈ జాగ్రత్తలన్నీ ఇంకా ఎక్కువ. ఒకసారి మా ఆసుపత్రిలో నేను దగ్గరుండి గుళికల మందు వేయించాను, గొట్టం మూసుకుపోయి మళ్లీ కొత్తది వేయాల్సి వచ్చింది. అప్పటినుంచి నాకు బుద్ధొచ్చింది. ట్యూబు ద్వారా ఇచ్చేటప్పుడు ద్రవ రూపం, లేదా సరిగ్గా కరిగే మాత్ర మాత్రమే. మందుకీ మందుకీ మధ్య 10 నుంచి 15 ఎంఎల్ నీళ్లు పోయాలి.

ఇప్పుడు డాక్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల చీటీ ఒక్కటే కాదు, స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. "నాన్నగారు మింగలేకపోతున్నారు, నూరడానికి పనికొచ్చేవి రాయండి" అని మొదటి మాటగా చెప్పి, చీటీ మీద "నూరి ఇస్తారు" అని రాయించండి. ఆ ఒక్క మాట ఉంటే మాలాంటి షాపువాళ్లం కూడా చూస్తాం. లేకపోతే ఒక కంపెనీది లేనప్పుడు ఇంకో కంపెనీ ఎస్‌ఆర్ మాత్ర ఇచ్చేస్తాం, మీకూ మాకూ తెలియకుండానే. ప్రతి నెలా కొత్త స్ట్రిప్ వచ్చినప్పుడు వెనక్కి తిప్పి చదివే పని మీరు పెట్టుకోండి, అమ్మగారి మీద వదలకండి.

షుగరు మాత్ర వెనక సన్నక్షరాల్లో ఏముందో, పొద్దున మందు వేశాక బీపీ ఎంతుందో చూసి ఇక్కడే రాయండి.